గోనెసంచికి పన్నెండు సెకన్లు

మొదటి ప్రతి తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. 2012 ఫిబ్రవరి ఆఖరి వారం. శంషాబాద్‌లో మేము కిరాయికుంటున్న ఇంటి వెనక గదిలో, కిటికీ మూసి, ఎడమ చేత స్టాప్‌వాచీ పట్టుకుని స్క్రిప్టు మొత్తం పైకి చదివాను. విమానం దిగిన ప్రతిసారీ వాచీ ఆపడం, చప్పుడు పోయాక మళ్లీ నొక్కడం. మనసులో చదువుకుంటే అదే స్క్రిప్టు ఏడు నిమిషాలకే పూర్తవుతుంది. కళ్లు ఊపిరి తీసుకోవు, గొంతు తీసుకుంటుంది. ఏళ్ల తరబడి రేడియోకు రాసినదాన్ని కనుక నిడివి విషయంలో నేను కళ్లను నమ్మను.

విషయం నీళ్లు పడని బోర్లు. పట్నంలోని ఒక స్వచ్ఛంద సంస్థ కార్యదర్శి దానిమీద చిన్న సినిమా తీసే పని నాకు అప్పగించారు. అంతకుముందు వేసవిలో మహేశ్వరం వైపు ఒక ఊళ్లో నాలుగేళ్ల పాప తన తండ్రి చేనులోని బోరుగుంతలో పడిపోయింది. పక్కన మరో గొయ్యి తవ్వి, అడ్డంగా దారి తీసి పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. ఆ తండ్రి ముప్పై రెండేళ్ల రైతు. సినిమా తీస్తామని వెళ్లినప్పుడు ఒక్క షరతు పెట్టాడు.

"తీయుండ్రి మేడం. గని సగం జెప్పొద్దు. మొత్తం జెప్పాలె."

మొత్తం చెబుతానని మాట ఇచ్చాను. ఆ మాట ప్రకారమే రాశాను. వరుసగా మూడేళ్లు వాన లేకపోవడం, చుట్టూ చేన్లన్నీ ప్లాట్లవుతుంటే అమ్మమని వెంటపడిన బ్రోకరు, అమ్మనని పంతం పట్టి వేయించిన బోరు, నీళ్లు పడకపోయేసరికి, పైన మట్టి కూలకుండా దింపే కేసింగు పైపును ఇంకో చేనుకు పనికొస్తుందని బోరుబండివాళ్లు పీకి తీసుకుపోవడం, మిగిలిన గుంత మీద ఆయన గోనెసంచి కప్పడం, పాప, తవ్వకం, అధికారులు, పత్రికలవాళ్లు. మొత్తం పదకొండు దృశ్యాలు. పాప పొద్దున్నే తండ్రి వెంట చేనుకు పోయే నాలుగో దృశ్యం నేను రాసినవాటిలోకెల్లా మంచిదని అప్పుడు అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

తీయకముందు ఒకసారి చదివి వినిపించి చూడాలన్నది నా నియమం. తొండుపల్లిలో పాలు పోసే కేంద్రం దగ్గర, సాయంత్రం క్యాన్లు వెళ్లిపోయాక, ఎనిమిది మంది రైతులను కూర్చోబెట్టి చదివాను. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. నాకు తృప్తిగా అనిపించింది. తర్వాత అలవాటుగా అడిగే ప్రశ్న అడిగాను: "ఇది విన్నాక మీరేం చేస్తారు?"

"బ్రోకర్లను ఊరికి రానియ్యొద్దు" అన్నాడొకాయన.

"సర్కారు పైసలియ్యాలె గా కుటుంబానికి."

"బోరే ఎయ్యొద్దు మేడం. నీళ్లేడున్నయి?"

అందరికన్నా పెద్దాయన తలపాగా విప్పి దులుపుతూ అన్నాడు: "బోరు మూయమనే గదా మీరు జెప్పేది? మేం మూస్తనే ఉన్నం. సంచి కప్పి రాళ్లు వెడ్తం. గట్లనే ఇడిసిపెడ్తమా ఏంది, మాకు పిల్లలు లేరా?"

నా తృప్తి అక్కడితో చచ్చిపోయింది. ఎనిమిది మందికి ఎనిమిది సంగతులు గుర్తున్నాయి. పాప ఏ పనివల్ల చనిపోయిందో, తొమ్మిది నిమిషాలు శ్రద్ధగా విన్న మనిషి సరిగ్గా ఆ పనే తాను చేస్తున్నానని ధైర్యంగా చెబుతున్నాడు. సంచి సంగతి ఆరో దృశ్యంలో ఉంది. దాని ముందు కరువు, దాని వెనక కన్నీళ్లు. ఎవరూ దాన్ని చూడలేదు.

ఆ వారంలోనే కార్యదర్శి ఒక కబురు తెచ్చారు. ఇటు శంషాబాద్, అటు మహేశ్వరం ఊళ్లన్నిటా కనెక్షన్లున్న కేబుల్ ఆపరేటరు వేసవి పొడుగునా రోజూ సాయంత్రం సినిమాకు ముందు మన చిత్రం ఉచితంగా వేస్తానన్నాడట. ఒక్క నిమిషం. నేనే ఆయనతో ఫోనులో మాట్లాడాను.

"ఒక నిమిషం పది సెకన్లు ఇవ్వగలరా?"

"నిమిషమంటే నిమిషమే మేడం. అరవై దాటితే కంప్యూటరే కట్ జేస్తది, నేను గాదు. ఎనకనుంచి మీ మాట పోతది, సూసుకోండ్రి."

వెనకనే కదా నేను అసలు మాట పెట్టింది. తొమ్మిది నిమిషాల తర్వాత, ముగింపులో, నల్లటి తెరమీద.

గడువు మార్చి మూడో శుక్రవారం. అప్పటికే బోరుబండ్లు దిగాయి. ఏ దారిన వెళ్లినా దూరాన తెల్లటి దుమ్ము పైకి లేస్తూ కనిపించేది.

ఎడిటరు నాకంటే చాలా చిన్నవాడు. శంషాబాద్ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం పైన అతని గది. పెళ్లి వీడియోలు అతని జీవనాధారం. మూడు గంటల పెళ్లిని ఐదు నిమిషాల పాటగా మార్చడంలో ఘనుడు. సంస్థ దగ్గరున్న పాత చిత్రీకరణ, పత్రికల ఫొటోలు, నేను చదివిన గొంతు కలిపి నమూనాగా ఒక ప్రతి పేర్చుకున్నాం. మొదటి రోజున బ్రోకరును, అధికారులను, పత్రికలవాళ్లను తీసేశాం. నాలుగు నిమిషాల పది సెకన్లయింది. రెండో రోజు తవ్వకం పోయింది. నిమిషం యాభై రెండు. ఆ తర్వాత కత్తెర కదలలేదు. ప్రతి వాక్యమూ నాకు అవసరంగానే కనిపించింది. ఒక విశేషణం తీసేస్తే అర సెకను మిగులుతుంది; అలాంటివి వంద తీసినా నిమిషం రాదు.

"వాయిస్ జర స్పీడ్ జేద్దమా అక్కా?" అన్నాడతను. చేసి వినిపించాడు కూడా. నా గొంతు వేలంపాట పాడుతున్నట్టుంది.

"వద్దు తమ్ముడూ. గొంతు తొందరపడితే వినేవాడు నమ్మడు."

"మరి గీ నాలుగో సీన్ తీసేయాలె. ఇరవై ఆరు సెకన్లు తింటుంది."

అది పాప దృశ్యం. తీయనన్నాను. అతను కిందికి వెళ్లి రెండు చాయ్‌లు తెచ్చాడు. ఆ రోజు మేము ఒక్క సెకనూ తగ్గించలేదు.

మరునాడు మధ్యాహ్నం కార్యదర్శి ఫోను చేశారు. రావిర్యాల వైపు ఒక చేనులో మేకపిల్ల బోరుగుంతలో పడిందట. గుంత మీద సంచి ఉందట. మేకలు కాసే ఆవిడ దాని వెనకే పరుగెత్తుకొచ్చి, అంచు దగ్గర జారి, పక్కనున్న కంప పట్టుకుని నిలదొక్కుకుందట. "నేలనుకుంది మేడం" అన్నారాయన. "సంచి మీద దుమ్ము పడి నేల రంగుకొచ్చింది."

ఫోను పెట్టేసి ఆరో దృశ్యం కాగితం తీశాను. సంచి గుంతను మూయడం లేదు, గుంతను దాస్తోంది. తెరిచి ఉన్న గుంతను చూస్తే మనిషి తప్పుకుంటాడు. కప్పిన గుంత కనబడదు. అయితే మిగతా పది దృశ్యాలలో ఉన్నవన్నీ నిజాలే కావచ్చు, కాని వాటిలో ఏ ఒక్కటీ రైతు ఆ సాయంత్రం తన చేత్తో మార్చగలిగింది కాదు. మార్చగలిగింది ఒక్కటే. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఎడిటింగు గది గోడకు అంటించాను:

బోరుబండి కదలకముందే గుంతను పైదాకా నింపండి.

బండి ఉండగానే ఎందుకంటే, తవ్విన మట్టీ పొడీ పక్కనే కుప్పగా ఉంటాయి, మనుషులూ ఉంటారు. బండి పోతే రేపు అంటారు. రేపు అంటే సంచి.

ఆ కాగితం ముందు నిలబడి ఒక్కొక్క దృశ్యాన్నీ ఇదే అడిగాను: ఆ వాక్యానికి నువ్వేం పని చేస్తున్నావు? కరువు జవాబు చెప్పలేదు. పాప కూడా చెప్పలేదు. నాలుగో దృశ్యాన్ని నేనే మౌసు పట్టుకుని తీసేశాను. ఎడిటరు మొహం తిప్పుకుని కిటికీ బయటికి చూశాడు.

కొత్త ప్రతి ఇలా వచ్చింది. బండి ఆగడం, "నీళ్లు పడలేదు" అన్న ఒక్క మాట: ఐదు సెకన్లు. కేసింగు పైపు పైకి లాగడం: తొమ్మిది. గుంత మీద సంచి కప్పడం, మాట లేకుండా: పన్నెండు. దుమ్ము పట్టిన సంచి ఒక రాయి బరువుకు లోపలికి జారడం, "దీని కింద నేల లేదు" అన్న మాట: ఎనిమిది. గుంత నింపడం: పద్దెనిమిది. చివర అక్షరాలు, రెండుసార్లు చదువుకునేంత సేపు: ఎనిమిది. కలిపితే అరవై. మూడుసార్లు కూడి చూసుకున్నాను.

పాప తండ్రికి చూపకుండా తీయడం న్యాయం కాదు. కబురు పెడితే వచ్చాడు. ఎడిటింగు గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. బొమ్మలు ఇంకా లేవు కనుక కాగితం చదివి వినిపించాను. నిమిషంలో అయిపోయింది.

"ఇగ?" అన్నాడు.

"ఇంతే."

"గింతేనా?" గోడమీది కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "గా బ్రోకరేడ పోయిండు మేడం? పైపు గుంజుకపోయినోనికి తొమ్మిది సెకన్లేనా? కరువేడ పోయింది? మా పాపేడ పోయింది? అందరు పోయిండ్రు. నా సంచొక్కటే మిగిలింది గదా!"

"ఆ సంచి అందరూ కప్పుతున్నారు. మీరొక్కరే కాదు."

"అందరు కప్పుతరు. నా బిడ్డనే పోయింది. ఎండకాలమంత రోజు పొద్దుమూకంగ టీవీల సంచి సూపెడ్తరు. ఊరోళ్లేమంటరు? అగో, సంచి కప్పినోడు అంటరు. నా పెండ్లాం గది సూసుకుంట బువ్వ దినాల్నా?"

మొత్తం చెబుతానని మాట ఇచ్చింది నేను. ఆయన మీద పడాల్సిన బరువును పదకొండు దృశ్యాల మీద పంచిందీ నేనే. పది దృశ్యాలు కోసేసి మొత్తం మళ్లీ ఆయన నెత్తిన పెట్టిందీ నేనే.

"మీరు వద్దంటే తీయను" అన్నాను.

"తీయకుంటే ఇంకో పిల్ల పడదా?" అని అడిగి, నేను నోరు తెరవకముందే చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

కార్యదర్శి మధ్యేమార్గం చెప్పారు: బ్రోకరును పన్నెండు సెకన్లు పెడదాం, ఆయన మనసు కుదుటపడుతుంది. లెక్క వేశాను. ఆ పన్నెండూ ఎక్కడినుంచి తేవాలి? చివరి అక్షరాలు తగ్గిస్తే చదవలేరు. సంచి తీస్తే చిత్రమే లేదు. మిగిలింది నింపడం, పద్దెనిమిదిలో పన్నెండు పోతే ఆరు. ఆరు సెకన్లలో తెరమీద నాలుగు పారల మట్టి పడుతుంది. చూసినవాడు నాలుగు పారలు వేసి ఇంటికి పోతాడు. కుదరదన్నాను. ఆయన విసుక్కున్నారు. "అయితే మీరే తేల్చండి మేడం, శుక్రవారం మీది."

తేల్చలేకపోయాను. తీయకపోతే ఈ వేసవి పోతుంది. తీస్తే ఆ మనిషి పోతాడు. అప్పటివరకు నిడివి అంటే అంకెలనుకున్నదాన్ని. ఆ రెండు రోజులూ పాత లెక్కే మళ్లీ మళ్లీ వేశాను. ఏ పని చేస్తున్నా ఆయన అడిగిన ప్రశ్నే. తీయకుంటే ఇంకో పిల్ల పడదా? దానికి జవాబు ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే అడిగి వెళ్లిపోయాడు.

చివరికి ఆయన చేనులో కాక, రెండు ఊళ్ల అవతల నీళ్లు పడని ఇంకో బోరు దగ్గర తీద్దామని నిర్ణయించాను. బండి ఆగడం, పైపు లాగడం ముందురోజే తీశాం. బండివాళ్లు నవ్వుతూ ఒప్పుకున్నారు. కాని బుధవారం పొద్దున సంచి కప్పే దగ్గరికి వచ్చేసరికి పని నిలిచిపోయింది. చేను యజమాని దండం పెట్టాడు. "సంచి గిప్పుడే తెస్త. గని నా చెయ్యి మాత్రం వెట్ట. అపశకునం మేడం." పక్క చేలవాళ్లను అడిగాం. రోజూ కప్పేవాళ్లే, కెమెరా ముందు మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. ఎడిటరే కెమెరా పట్టుకున్నాడు కనుక అతని చేతులు ఖాళీ లేవు.

గాజులు తీసి బ్యాగులో వేసుకుని నేనే మోకాళ్ల మీద కూర్చున్నాను. గుంత నోరు జానెడు. లోపలినుంచి చల్లటి గాలి మొహానికి తగిలింది. అందులోకి ఒక పాప ఎలా పడుతుందన్న సందేహం ఎవరికైనా ఉంటే ఒకసారి దాని పక్కన కూర్చోవాలి. సంచి పరిచి మీద ఒక రాయి పెట్టాను.

"గట్ల గాదు."

తలెత్తాను. పాప తండ్రి గట్టుమీద నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎవరు చెప్పారో తెలియదు. ఎడిటరు కెమెరా కిందికి దించాడు.

"గట్ల పారేసినట్టు కప్పలే నేను" అన్నాడు. "రెండు మడతలేసిన. గుంజి సూసిన. నాలుగు దిక్కుల నాలుగు రాళ్లు వెట్టిన, మోకాలంత రాళ్లు. పిల్లతోని వస్తనని ఎరికే గదా నాకు. పైలంగనే కప్పిన అక్కా. గది సూపెట్టుండ్రి. నేను లెక్కజేయలేదన్నట్టు మాత్రం సూపెట్టకుండ్రి."

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన అడిగిన "మొత్తం" బ్రోకరు కాదు, కరువు కాదు. ఈ నాలుగు రాళ్లు. తొమ్మిది నిమిషాల నలభై సెకన్లలో వాటికి నేను చోటివ్వలేదు. "గోనెసంచి కప్పాడు" అని రెండు మాటల్లో తేల్చేసి, తరువాత కన్నీళ్ల వర్ణనకు ఒక పేజీ ఖర్చుపెట్టాను. ఆ రాళ్లు లేకుండా సంచిని చూపిస్తే చూసే రైతు, వీడెవడో అజాగ్రత్త మనిషి, నేను కాదు అనుకుంటాడు. పాల కేంద్రం దగ్గరి పెద్దాయన అలాగే అనుకున్నాడు.

"మీరు చూపిస్తారా?" అన్నాను. "మొహం రాదు. చేతులే."

ఆయన కిందికి దిగాడు. సంచి దులిపి రెండు మడతలు వేశాడు. అంచులు లాగి చూశాడు. రాళ్లు వెతికి తెచ్చి ఒక్కొక్కటీ పెట్టి అరచేత్తో నొక్కాడు. నాలుగో రాయి పెట్టాక చేయి దానిమీదే ఉండిపోయింది. నేను కట్ చెప్పలేదు. ఎడిటరు కూడా ఆపలేదు. తర్వాత గదిలో కొలిస్తే ఆ ముక్క ముప్పై ఏడు సెకన్లు. చిత్రంలోకి వెళ్లింది పన్నెండు. చేయి ఉండిపోయిన క్షణాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఆయన పక్కకు జరిగాక, దుమ్ము చల్లి సంచి లోపలికి జారడం తీశాం. అప్పటిదాకా వీపు తిప్పి నిలబడ్డాడు. నింపడానికి చేను యజమాని పార తెస్తే ముందుకొచ్చి అందుకున్నాడు.

"నింపేది కూడ నేనే."

పద్దెనిమిది సెకన్లకు కావలసింది పది పన్నెండు పారలు. కుప్పమీది తెల్లటి పొడి, మట్టి, చిన్న రాళ్లు లోపల పడుతుంటే మొదట చప్పుడే రాలేదు, అంత లోతు. ఎడిటరు మూడు వైపులనుంచి తీసి చేయెత్తాడు.

"అయిపోయిందన్నా. సాలు."

"మీకు అయింది" అన్నాడాయన, పార ఆపకుండా. "ఇది నిండలే."

ఎండ ఎక్కింది. కెమెరా పెట్టెలో పెట్టేశాం. కాసేపటికి చేను యజమాని ఇంటికి పోయి ఇంకో పార తెచ్చాడు. పొద్దున చెయ్యి పెట్టనన్న మనిషే. ఎడిటరు ప్యాంటు మడిచి కలిశాడు. నేను బకెట్టుతో నీళ్లు పోశాను, మట్టి కింద గట్టిపడాలని. కుప్ప అయిపోతే గట్టు దగ్గరి మట్టి తవ్వి తెచ్చారు. అందరూ అన్నం మాట మరిచిపోయారు. సాయంత్రానికి గుంత నోరు నేలతో సమానమైంది. ఆయన దానిమీద నిలబడి కాళ్లతో తొక్కాడు, ఇంకా పోసి ఇంకా తొక్కాడు. ఏడ్వలేదు. ఏడుస్తాడేమోనని మేమందరం పక్కకు చూస్తూ నిలబడ్డాం.

శుక్రవారం పెన్‌డ్రైవు కేబుల్ ఆపరేటరుకు ఇచ్చాను. ఆయన కంప్యూటరులో పెట్టి అంకె చూశాడు. "అరవై. బరాబర్" అన్నాడు. ఆ సాయంత్రమే వేశాడు. మా ఇంట్లో నేనూ చూశాను. పాప లేదు. కరువు లేదు. బాగా రాశాననుకున్న ఒక్క వాక్యమూ లేదు.

వారం తర్వాత పాల కేంద్రం దగ్గర ఆ పెద్దాయన కనిపించాడు. చిత్రం చూశారా అని అడిగాను.

"సూసిన. నాలుగు రాళ్లు వెట్టిండు గదా పాపం" అన్నాడు. తలపాగా సర్దుకుని, "మా అల్లుని చేన్ల ఒకటున్నది. పోయి నింపమన్న" అన్నాడు.

నింపారో లేదో నేను వెళ్లి చూడలేదు. ఆ వేసవిలో ఎన్ని గుంతలు నిండాయని నన్నడిగితే చెప్పలేను. లెక్క రాయడం అలవాటున్నా ఆ లెక్క నా దగ్గర లేదు. చెప్పగలిగింది ఒక్కదాని గురించే. చిత్రం తీసిన మరునాడు చేను యజమాని ఫోను చేసి చెప్పాడు: తెల్లవారేసరికి మట్టి ఒక మూర లోపలికి కుంగిందట. తాను చూసేసరికే పాప తండ్రి పార పట్టుకుని, రెండు ఊళ్లు దాటి వచ్చి, దాన్ని మళ్లీ పైదాకా నింపుతున్నాడట.